నీలం తెర ముందు టమోటా ఆకు

పుంగనూరు బజారులో రంగప్ప స్టూడియోకి పెళ్లి ఫొటోల కన్నా ఆకుల ఫొటోలతోనే ఎక్కువ పేరొచ్చింది. మొదట్లో అందరిలాగే ఆయనా పాస్‌పోర్టు సైజులు, కొత్త పెళ్లికొడుకులు, నామకరణాలు తీసుకుంటూ బతికాడు. 1999లో ఒక రైతు టమోటా కొమ్మను తడిగుడ్డలో చుట్టుకొచ్చి, మదనపల్లెకి బస్సులో తీసుకెళ్లేలోపు ఇది వాడిపోతుందని, ఉన్నదున్నట్టు ఒక ఫొటో తీసిపెట్టమని అడిగాడు. రంగప్ప దగ్గర అప్పటికే నగల ఫొటోల కోసం కొన్న దగ్గరి నుంచి తీసే లెన్సు ఉంది. ఆ ఆకు మీది నూగు కూడా కనిపించేలా తీశాడు. మదనపల్లెలో పంట తెగుళ్లు చూసే సుధారాణి మేడం ఆ ఫొటో చూసి, ఇదెవరు తీశారని అడిగిందట. అంతే. ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల ఊళ్లలో ఆకు ముడుచుకున్నా, మచ్చ వచ్చినా జనం నేరుగా స్టూడియో మెట్లెక్కడం మొదలుపెట్టారు.

రీలు అయిపోగానే రంగప్ప తనే మదనపల్లె వెళ్లి కడిగించి, అవే ప్రింట్లు మేడం బల్ల మీద పెట్టేవాడు. పక్కన కూర్చుని ఆవిడ చెప్పింది వినేవాడు. మొజాయిక్ వైరస్ వచ్చిన ఆకు మీద ముదురు ఆకుపచ్చ, లేత ఆకుపచ్చ పెచ్చులు పెచ్చులుగా కలిసి ఉంటాయి, పటం గీసినట్టు. ముదురుగా ఉన్నచోట ఆకు ఉబ్బి ఉంటుంది. అది చేతుల ద్వారా, పురుగుల ద్వారా ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి పాకుతుంది. దానికి మందు లేదు, పట్టిన చెట్టును పీకేయాల్సిందే. ఇదంతా ఆయనకి ఎంత బాగా పట్టుబడిందంటే మేడం నోరు తెరవకముందే ఫొటో వెనక పెన్సిలుతో తెగులు పేరు రాసి పెట్టేవాడు. పదింటిలో తొమ్మిది సరిపోయేవి.

మేడం మాత్రం ప్రతిసారీ ఒకటే అడిగేది. ఆకుదొకటి, మొత్తం చెట్టుదొకటి, గట్టు మీద నిలబడి చేనంతా పడేలా ఒకటి, మూడు ఫొటోలు తెమ్మని. రంగప్ప తల ఊపేవాడు. మళ్లీ ఆకు ఒక్కటే తెచ్చేవాడు. ముప్పై ఏళ్లుగా ఫొటోలో మనుషుల్ని మెడ దాకా కత్తిరించి, వెనక నీలం తెర పెట్టి, ముఖం చూపించడమే ఆయన పని. ముఖం బాగా వస్తే మనిషి వచ్చినట్టే అని ఆయన లెక్క. ఆకు కూడా అంతే అనుకున్నాడు. తెచ్చిన కొమ్మలో అన్నిటికంటే చెడిపోయిన ఆకును ఏరి, దుమ్ము తుడిచి, అదే నీలం తెర ముందు పిన్నుతో గుచ్చి తీసేవాడు.

2002లో వానలు మొదలైన కొత్తలో మునీశ్వరి వచ్చింది. భర్త పోయి నాలుగేళ్లు. ఎకరా నేల, చిన్న బోరు, ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఎకరాలో టమోటా నాటి నలభై రోజులైంది. కట్టెలు పాతడం అయిపోయింది, పూత మొదలైంది. అలాంటప్పుడు పైన వచ్చే కొత్త ఆకులన్నీ సన్నగా, మెలి తిరిగి, పాలిపోయి వస్తున్నాయి.

రంగప్ప కొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. లేత ఆకులు తోకల్లా సాగి ఉన్నాయి. ఒక ఆకు మీద మాత్రం తెల్లబారిన గీతలు, మధ్యలో పచ్చటి ముక్కలు కనిపించాయి. దాన్నే తుంచి తెరకి గుచ్చాడు.

ఎన్ని చెట్లకి వచ్చిందని అడిగితే, చేనంతా ఉందని చెప్పింది. ఎప్పటి నుంచని ఆయన అడగలేదు. అడిగి ఉంటే, శుక్రవారం దాకా ఒక్క చెట్టుకీ లేదని, మంగళవారానికి ఎకరా అంతా ఒకేసారి మెలి తిరిగిందని చెప్పేది.

"వైరస్సు మాదిరే ఉండాదమ్మా," అన్నాడు రంగప్ప. "ఈ మధ్య ఇట్లాంటివి శానా సూసినాను."

"మేడమ్ముకి గూడా సూపించప్పా. ఆ యమ్మ ఏం సెప్తే అది సేస్తాను. నాకు ఆ సేనొకటే ఉండేది."

మరుసటి రోజే ఆయన మదనపల్లె వెళ్లాడు. ఫొటో అద్భుతంగా వచ్చింది. మేడం దాన్ని కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూసింది. వైరస్ కావచ్చు, కాకపోనూవచ్చు అంది. ఆకు ఇట్లా సన్నబడిపోయే వైరస్ కూడా ఒకటి ఉందని, ఈ ఒక్క ఆకుతో తేల్చలేనని చెప్పింది.

"రంగప్పన్నా, చేను చూసినారా మీరు?"

ఆ ఒక్క ప్రశ్నకి ఆయన నిజం చెప్పి ఉంటే ఈ కథ రాసే అవసరం ఉండేది కాదు. చూశానన్నాడు. చేనంతా ఇట్లాగే ఉంది మేడం అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్కే అనిపించింది ఆయనకి. మునీశ్వరి చూసింది కదా, తను చూసినట్టే కదా.

మేడం కాస్త ఆలోచించింది. నిజంగా అన్ని చెట్లకీ వైరస్ పట్టి ఉంటే పీకడం తప్ప దారి లేదు, పక్క చేన్లయినా మిగులుతాయి అంది. కానీ పీకే ముందు చేను ఫొటో, గట్టు మీది కలుపు ఫొటో తనకి చూపించి తీరాలని, చుట్టుపక్కల ఎవరైనా కలుపు మందు కొట్టారేమో కనుక్కోవాలని చెప్పింది. రంగప్ప సరేనన్నాడు. తిరుగు బస్సులో మునీశ్వరి ఊరి మనిషి ఒకరు కనిపిస్తే, మేడం కూడా వైరస్సే అనింది, పీకేయమనింది అని కబురు పంపాడు. మిగతాది ఎల్లుండి వెళ్లినప్పుడు చెప్పవచ్చనుకున్నాడు. తీరా ఆ ఎల్లుండికి చౌడేపల్లిలో పెళ్లి ఫొటోలు ఒప్పుకుని ఉన్నాడు, వెళ్లలేదు.

మునీశ్వరి ఆగలేదు. పడమటి పక్క చేను శ్రీరాములుది, ఆయన టమోటా ఇంకా లేతగా ఉంది. తనకి అంటుకుంటుందేమోనని ఆయనే నలుగురు కూలీలను తోడు తెచ్చాడు. ఒక్క పూటలో ఎకరా ఖాళీ అయింది. పూత మీదున్న చెట్లను కుప్ప పోసి, ఎండాక కాల్చారు. పిల్లలిద్దరూ గట్టు మీద కూర్చుని చూశారట.

మూడు వారాలకి రంగప్ప ఆ ఊరికి వెళ్లాడు, ఒక నామకరణం ఫొటోలకి. పని అయ్యాక, పలకరించి పోదామని మునీశ్వరి చేను వైపు నడిచాడు. ఆ చేనులో ఆయన కాలు పెట్టడం అదే మొదలు.

తూర్పు గట్టుకి అవతల చిన్నప్ప చెరకు తోట నిగనిగలాడుతోంది. గట్టు మీద మునీశ్వరి వేసుకున్న అలసంద తీగల మీద ఆయన చూపు ఆగింది. ఆకులు గరిటెల్లా ముడుచుకుని ఉన్నాయి. పక్కన ఆముదం మొక్క మెడ వంచి మెలి తిరిగి ఉంది. గట్టు మీది వెడల్పాకు పిచ్చి మొక్కలూ అంతే. టమోటాకి పట్టిన వైరస్ అలసందకి, ఆముదానికి, పిచ్చి మొక్కకి ఒకే రోజు, ఒకే తీరుగా పట్టదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. పడమటి వైపు నడిచిన కొద్దీ కలుపు మొక్కల ఆకులు విచ్చుకుంటూ వచ్చాయి. శ్రీరాములు గట్టు దగ్గర ఏ మొక్కకీ ఏమీ లేదు.

బోరు కాలువ పక్కన పీకడం మర్చిపోయిన టమోటా చెట్లు నాలుగు నిలబడి ఉన్నాయి. వాటి నడుమున మెలి తిరిగిన ఆకుల వరస ఒకటి ఉంది. దాని పైన, కొస దాకా, కొత్త ఆకులు వెడల్పుగా, నిండు పచ్చగా వచ్చాయి. ఒకదానికి కాయ కూడా ఉంది.

చెరకు మధ్య గెనాలకి మట్టి ఎగదోసి గట్లు సవరిస్తున్న చిన్నప్పను, ఈ మధ్య మందేమైనా కొట్టావా అని ఆయన అడిగాడు. పండుగ సంగతి చెప్పినట్టు హుషారుగా చెప్పాడాయన. ఆ శుక్రవారం సాయంత్రం చెరకులో కలుపు మందు కొట్టించాడు. వాన ముందు తూర్పు గాలి బాగా ఉండింది, పని తొందరగా తెమిలింది.

"నా సెరకుకేమీ కాలా గదా రంగప్పా. సూడు, ఎంత బాగుండాదో."

చెరకుకి ఏమీ కాదు. వెడల్పాకు మొక్కల్ని చంపడానికే ఆ మందు.

రీలులో మిగిలిన తొమ్మిది ఫొటోలూ ఆయన అక్కడే తీశాడు. అలసంద, ఆముదం, తూర్పు గట్టు, పడమటి గట్టు, ఖాళీ చేను, ఆ నాలుగు చెట్లు. మదనపల్లెలో మేడం వాటిని బల్ల మీద పరిచి, మధ్యలో నీలం తెర ఫొటో పెట్టింది. ఆకు మీది తెల్ల గీతలు పెచ్చులు కావు, ఈనెలు. మందు తగిలిన లేత ఆకులో ఈనెలు దగ్గరకొచ్చి, పాలిపోయి, బారుగా పరుగెడతాయి. నీలం తెర ముందు ఆ తెలుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. పీకకుండా ఉంటే చెరకు వైపు నాలుగైదు సాళ్లు పోయేవేమో, మిగతా చేను కాస్త ఆలస్యంగానైనా తేరుకునేది, సగం పంటకి తక్కువ కాకుండా వచ్చేది అంది మేడం. చేను చూశానన్నారు కదా అని ఆయన్ని నిలదీయలేదు. ఆ ఫొటోలన్నీ కవరులో పెట్టి, తప్పు తనది కూడా ఉందని, చేను ఫొటో రాకుండా పీకమనే మాటే తను అని ఉండకూడదని మాత్రం అంది.

రంగప్ప వెళ్లి మునీశ్వరికి చెప్పాడు. చెప్పకుండా ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు. అయినా కాలువ పక్కకి తీసుకెళ్లి ఆ నాలుగు చెట్లూ చూపించి, జరిగింది వరసగా చెప్పాడు, చూడకుండానే చూశానన్న మాటతో సహా. ఆమె వంగి కొత్త ఆకుని వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు సాపు చేసింది. అది ముందే సాపుగా ఉంది.

"ఇంత దూరం ఇప్పుడొస్తివే," అంది చివరికి. "అప్పుడు యాల రాకపోతివప్పా?"

ఆమె కోపం చేసుకుని ఉంటే బాగుండేదని తర్వాత చాలామందితో అన్నాడు.

మళ్లీ నాటి ఇంకో పంట తీసే ఓపిక ఆమెకి లేదు. చేను శ్రీరాములుకి గుత్తకి ఇచ్చి, పిల్లల్ని తీసుకుని కుప్పంలో చెల్లెలింటికి వెళ్లిపోవాలని నిశ్చయించుకుంది. అక్కడి నుంచి తెల్లవారే రైలెక్కి బెంగళూరు వైపు బట్టల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వెళ్లే ముందు స్టూడియోకి వచ్చింది, ఫ్యాక్టరీ కార్డుకి ఫొటో కావాలని. ఊళ్లో ఇంకో స్టూడియో ఉంది. ఇక్కడికే ఎందుకొచ్చిందో రంగప్పకి అర్థం కాలేదు.

నీలం తెర ముందు స్టూలు మీద కూర్చుంది. ఎండకి కమిలిన ముఖం, దువ్వుకున్న తల. ఆయన కెమెరా వెనక్కి వెళ్లాడు. లెన్సులో ముఖం నిండుగా వచ్చింది. మెడ కింద ఏముందో, ఆ మనిషి చుట్టూ ఏముందో అందులో లేదు. ఆయన కెమెరా స్టాండును ఒక అడుగు వెనక్కి జరిపాడు. ఇంకో అడుగు జరిపాడు. అరచేతుల్లో కట్టెలు పాతినప్పటి కాయలు ఇంకా పోలేదు, చిన్న కూతురు ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటికప్పా వెనక్కి పోతాండావు? వాళ్లకి మొకం సాలంట."

రంగప్ప మళ్లీ ముందుకు వచ్చి, ముఖం వరకే తీశాడు.

ఆ తర్వాత ఆయన ఆకుల ఫొటోలు తీయలేదు. తడిగుడ్డలో కొమ్మ పట్టుకొచ్చినవాళ్లని మెట్ల దగ్గరే ఆపి, తెగుళ్లు తెలిసిన మనిషిని చేనుకే పిలుచుకుపొమ్మని చెప్పి పంపేవాడు. కొందరు నవ్వేవాళ్లు, కొందరు తిట్టుకుంటూ ఇంకో స్టూడియోకి పోయేవాళ్లు. అక్కడ కూడా నీలం తెరే ఉంది.