పాప ఫోటోలకు తేదీలు రాసిన వేసవి

మా చెల్లెలి కూతురు పోయిన కొన్ని నెలలకే, చెల్లెలి భర్త, అంటే మా మరిది, పనిచేసే కంపెనీ మూతపడింది. సాస్తి గనుల్లో యంత్రాల మరమ్మతు చూసే చిన్న కంపెనీ అది. ఉద్యోగం పోయినందుకు అతను పెద్దగా బాధపడ్డట్టు కనిపించలేదు. ఆఫీసు ఇచ్చిన మెయిల్ ఖాతాను కూడా నెలాఖరుకు మూసేస్తారని తెలిసిన రోజు మాత్రం, రాజురా నుంచి బండి మీద నేరుగా చంద్రపూర్‌లోని నా దుకాణానికి వచ్చాడు.

నాది జిరాక్స్, ఆన్‌లైన్ పనుల దుకాణం. ఆధార్ సవరణలకు, కాలేజీ ఫారాలకు జనం వస్తూనే ఉంటారు. వాళ్లంతా వెళ్లేదాకా అతను కూలర్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"వదినె, పాప ఫోటోలన్ని ఆ ఖాతాలనే ఉన్నయి," అన్నాడు. "పుట్టకముందు తీసిన స్కానింగుల కాడి నుంచి. నాగపూర్ దవాఖాన కాగితాలు గూడ అండ్లనే. ఒక్కటి గూడ పోవద్దు."

పాప గుండెలో పుట్టుకతోనే లోపం ఉంది. నాలుగేళ్లు నిండకముందే పోయింది. అంతకాలమూ మరిది ప్రతిదీ పద్ధతిగా దాచాడు. నాగపూర్ వెళ్లిన ప్రతిసారికీ ఒక ఫోల్డర్. అందులో డాక్టరు చీటీలు, రిపోర్టులు, దారిలో భద్రావతి దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు తీసిన ఫోటోలు. ఫోల్డర్ల పేర్లన్నీ మరాఠీలో ఉన్నాయి. అతను చదివింది మరాఠీ బడిలోనే.

వేరే సంస్థలో చెల్లెలి పేరుతో కొత్త ఖాతా తెరిచి, అంతా అక్కడికి మార్చాలని అనుకున్నాం. పాత ఖాతా నుంచి తెప్పించుకుంటే మొత్తం కొన్ని జిప్ ఫైళ్లుగా వచ్చింది. ఒకే ఫోల్డర్ సగం ఒక జిప్‌లో, సగం ఇంకోదాంట్లో ఉంది. ఒక్కోదాన్ని ఒక్కోచోట విప్పితే ఆ ఫోల్డర్ రెండు ముక్కలుగానే మిగిలిపోతుంది. అందుకని జిప్‌లను ముట్టుకోకుండా వేరే హార్డ్‌డిస్కులో ఒక నకలు పెట్టి, అన్నింటినీ ఒకే చోట విప్పాను. ముక్కలన్నీ కలిసి ఫోల్డర్లు మళ్లీ అతను పెట్టుకున్న తీరుకు వచ్చాయి.

తరువాతి చిక్కు రెండేసి ఉన్న ఫోటోలు. మరిది తానే పేరు పెట్టుకున్న ఫోల్డర్లలోని ప్రతి ఫోటో, ఏడాది పేరుతో ఉన్న ఫోల్డర్‌లో కూడా ఇంకోసారి వచ్చింది. ఫైలు పేర్లు చూసి తీసేయడానికి వీల్లేదు. భార్యాభర్తల ఫోన్లు రెండూ వేర్వేరు ఫోటోలకు ఒకే పేరు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. లోపలి సమాచారమంతా అక్షరం తేడా లేకుండా ఒకటైతేనే నకలని చెప్పే ప్రోగ్రాం ఒకటి పెట్టాను. అది పట్టుకున్న జంటల్లో మరిది ఫోల్డర్‌లోని ఫోటోను ఉంచి, ఏడాది ఫోల్డర్‌లోని దాన్ని తీసేయమన్నాను.

ఆ రోజు చెల్లెలు కూడా వచ్చి నా పక్కనే కూర్చుంది. అదే ప్రోగ్రాంలో ఒకేలా కనిపించే ఫోటోలను కూడా చూపించే వీలుంది. చూద్దామని నొక్కాను. తెర మీద ఒక వరుస వచ్చింది. దవాఖాన మంచం మీద పాప నిద్రపోతున్న ఫోటోలు, ఒకదాని వెంట ఒకటి. నాకైతే అన్నీ ఒకటే.

"ఇండ్ల ఒకటి రెండు ఉంచుదామా?" అని అడిగాను.

చెల్లెలు కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఒక్కటే ఎట్లయితయి అక్కా? గిండ్ల చెయ్యి మూసుకున్నది. గిండ్ల తెరిచింది. గిది చూడు, పెదవి కదులుతున్నది. కల వడ్డదేమో." ప్రతి ఫోటో మీదా వేలు పెట్టి చూపించింది. "నేను తీసిన అన్ని. నిద్రల ఊపిరి సరిగ్గ ఆడుతున్నదా లేదా అని చూసుకుంట తీసిన."

నేను తెర మీది ఆ వరుసను మూసేశాను. వాటిలో ఒక్కటీ తీసేయలేదు.

మర్నాడు, అంతా ఎక్కించేముందు, పరీక్షగా ఒక్క ఫోల్డర్ కొత్త ఖాతాలోకి పంపాను. కాసేపటికి చెల్లెలి ఫోను వచ్చింది.

"అక్కా, ఫోన్ల పాప వచ్చింది," అంది. "పైన 'ఆజ్' అని రాసున్నది."

ఆమె ఫోను మరాఠీలో ఉంటుంది. ఆజ్ అంటే ఇవాళ. ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసింది. ఆ ఫోల్డర్‌లోవి ఎక్కువగా వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు. తీసిన తేదీ వాటి లోపల ఉండదు. పాత ఖాతా ఆ తేదీలను పక్కన వేరే చిన్న ఫైళ్లలో రాసి ఇచ్చింది. నేను వాటిని ఫోటోల్లోకి ఎక్కించకుండానే పంపాను. తేదీ దొరక్క కొత్త ఖాతా వాటన్నిటినీ పంపిన రోజువే అనుకుంది.

"తప్పు నాదే. సరిజేస్త," అన్నాను.

"ఇయ్యాల ఒక్కరోజు ఉండనియ్యి," అంది.

ఉండనిచ్చాను. ఆ రోజంతా దుకాణంలో నా చేతులు వాటంతట అవే పనిచేశాయి. రాజురాలో చెల్లెలు ఫోను పట్టుకుని కూర్చుని ఉంటుందని తెలుసు. జొన్నరొట్టె ముక్క చేతిలో పట్టుకున్న పాప, నాన్న హెల్మెట్ పెట్టుకున్న పాప, ఇవాళ అనే మాట కింద.

మరుసటి పొద్దున చెల్లెలు, మరిది కలిసి వచ్చారు. ఒక ప్రోగ్రాంతో పక్క ఫైళ్లలోని తేదీలను ఫోటోల్లోకి రాయించాను. తేదీ రాయగానే ఆ ఫైలు లోపల మారిపోతుంది. కొత్త ఖాతాకు అది వేరే ఫోటో. నిన్న పంపినవి అలాగే ఉంచి మళ్లీ పంపితే ప్రతిదీ రెండేసి అవుతుంది. ముందు నిన్నటివి తీసేయాలి. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. మరిదికి అర్థమై, ఆమెకు అతనే మెల్లగా చెప్పాడు.

"నేనే తీసేస్త," అంది చెల్లెలు. ఫోటోలన్నీ ఎంచుకుంది. బొటనవేలు తెర మీదికి వెళ్లి ఆగిపోయింది. కాసేపటికి ఫోను నా చేతికిచ్చి, లేచి వెళ్లి మెట్ల మీద రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

నేను నొక్కాను. ఇవాళ అనే మాట కింద ఏమీ మిగల్లేదు. ఆ మాట కూడా పోయింది.

వాటిని మళ్లీ పంపితే ఈసారి ఒక్కొక్కటీ దాని కాలంలోకి వెళ్లి కూర్చుంది. మిగతా ఫోల్డర్లన్నీ ఎక్కడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. మధ్యలో కరెంటు పోయినప్పుడల్లా ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. అంతా అయ్యాక ఇక్కడి ఫైళ్లను అక్కడివాటితో ఒక్కొక్కటిగా పోల్చి చూడమని కంప్యూటర్‌కు ఆజ్ఞ ఇచ్చాను. తేడా ఏదీ లేదని వచ్చింది. ఆ మాట మరిదికి చెప్పాను.

అయినా తన కళ్లతో చూసుకుంటానని వచ్చాడు. కంప్యూటర్ ముందు స్టూలు వేసుకుని కూర్చుని నాగపూర్ ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరిచాడు. జనన పత్రం తెరుచుకుంది. దాని పక్కనే ఉన్న ఇంకో పత్రాన్ని తెరవలేదు. చివరికి ఒక వీడియో నొక్కాడు. మా ఇంటి వంటగది. పాప గడప మీద కూర్చుని నన్ను పిలుస్తోంది.

"పెద్దమ్మా, ఇటు సూడు. పెద్దమ్మా."

వీడియోలో నేను అటు తిరిగి ఏదో వేయిస్తున్నాను, "ఆగు బిడ్డా, వస్తున్న" అంటున్నాను. పాప ఇంకోసారి పిలిచింది. వీడియో అయిపోయింది.

మరిది తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడే ఒకామె ఆధార్ కార్డు పట్టుకుని లోపలికి వచ్చింది. అతను లేచి ఆమెకు స్టూలు ఖాళీ చేశాడు.

"వీడియోల ఆవాజ్ గూడ సరిగ్గనే వస్తున్నది వదినె," అన్నాడు.