ఫోను నోట సార్ హిందీ

మదనపల్లెలో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లిపత్రికలు, టమాటా మండీల బిల్లుబుక్కులు, బడుల ప్రశ్నపత్రాలు, ఏది వచ్చినా కొట్టి ఇస్తాను. బోర్డు మీద హిందీ అని కూడా రాయించాను. నిజానికి నాకు హిందీ అక్షరాలు చదవడం వచ్చు, అర్థం మాత్రం సార్‌ను అడగాల్సిందే.

సార్ అంటే పుంగనూరులో రిటైరైన హిందీ సార్. తెలుగు పిల్లలు హిందీ నేర్చుకోవడానికి ఆయన ఒక పుస్తకం రాస్తే, షాపు పెట్టిన కొత్తలో నేనే టైపు చేశాను. కాపీలు ఎప్పుడో అయిపోయాయి, ఫైలు మాత్రం నా దగ్గర మిగిలింది. మొన్నీమధ్య ఆయన అడిగితే వాట్సాప్‌లో పంపాను. రెండో రోజే ఆయన షాపు మెట్లెక్కి వచ్చారు.

"అమ్మా, నా పుస్తకానికి దయ్యం పట్టిండాది!"

సంగతి ఏమిటంటే, పెద్దపంజాణి నుంచి పోయి కుప్పంలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఆయన పాత శిష్యురాలు. ఆమెకు చూపు లేదు, ఫోను చదివి వినిపిస్తే వింటుంది. సోమవారం హిందీ పరీక్ష. ఇన్నాళ్లూ రూమ్మేటు చదివి పెట్టేది గానీ, ఆ పిల్లకూ అదే రోజు పరీక్ష. సార్ మురిసిపోతూ నేను పంపిన ఫైలు ఆమెకు పంపారు. ఫోను మొదటి పేజీలో 'హిందీ' అన్న మాటను "ఎఫ్, జీ, యూ, ఎన్, హెచ్" అని చదివిందట.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

"యాలమ్మా నవ్వతాండావు? ఆ బిడ్డ ఫెయిలయితే నువ్వు రాస్తావా?" అన్నారు గానీ, ఆయన మీసం కిందా నవ్వే ఉంది.

దయ్యం కాదు, వేషం. మా పాత ఫాంటులో కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలే, పైన హిందీ బొమ్మ తొడుగుతుంది అంతే. వీధినాటకంలో కిరీటం తీసేస్తే అర్జునుడు పక్కవీధి టైలరు అయినట్టు, ఫాంటు లేని చోట హిందీ మళ్లీ ఇంగ్లీషైపోతుంది. ప్రతి భాష అక్షరానికీ దానిదే అయిన నంబరిచ్చే యూనికోడ్‌లోకి మారిస్తే తప్ప ఫోనుకు అది హిందీ అని తెలియదు.

నెట్‌లో దొరికిన కన్వర్టరులో పుస్తకం మొత్తం పోసి బటన్ నొక్కాను. హిందీతో పాటు ఇంగ్లీషు, తెలుగు అర్థాలు కూడా హిందీ అయిపోయాయి! ఇంగ్లీషు 'ద' మాట, అంటే టీ హెచ్ ఈ, ఉన్న ప్రతిచోటా 'జీమ్' అని పడింది. సార్ కళ్లజోడు సర్దుకుని, క్లాసులో చదివినట్టే గొంతు పెంచి "జీమ్... జీమ్..." అని చదవసాగారు. జిరాక్సుకు వచ్చిన వాళ్లు కూడా నిలబడి నవ్వారు. నాకు కడుపు నొప్పి వచ్చింది.

తప్పు తెలిసింది. ఫైల్లో హిందీ ఫాంటు ఉన్న ముక్కల్నే ఏరి మార్చాలి, ఇంగ్లీషును ముట్టుకోకూడదు, తెలుగు పాత ఫాంటుకు దాని కన్వర్టరు వేరే. అలాగే చేశాను. జీమ్‌లు పోయాయి. అప్పుడు 'స్థితి' విరిగింది.

హిందీలో పొట్టి ఇకారం గుర్తు అక్షరానికి ఎడమపక్క పడుతుంది. పాత ఫాంటులో కంటికి కనబడే వరసలో కొడతాం కనుక గుర్తు ముందు, అక్షరం తర్వాత. యూనికోడ్‌ది నోటి వరస: అక్షరం ముందు, గుర్తు తర్వాత. ఆ గుర్తును ఎడమకు జరిపి చూపే పని ఫాంటే చూసుకుంటుంది. ఈ కన్వర్టరు గుర్తును ఒక్క అక్షరం దాటించి చేతులు దులుపుకుంటోంది. దాంతో 'స్థితి' మొదట్లోని గుర్తు అర 'స్' దాటి, 'థ' దాటకుండా, అక్షరం దొరకని గుర్తుకు కంప్యూటరు చూపించే చుక్కల సున్నా మీద కూర్చుంది. 'విద్యార్థి'లో మరో తమాషా. అక్షరం నెత్తిన కొక్కెంలా పడే 'ర్'ను మేం అన్నిటికంటే చివర కొట్టేవాళ్లం. యూనికోడ్‌లో అది గుర్తులన్నీ దాటి వెనక్కి పోయి 'థ' కంటే ముందు నిలబడాలి.

"బస్సులో సీటు దొరకనోని మాదిరి యాడంటే ఆడ కూసుంటాండాయి" అన్నారు సార్.

కన్వర్టరును నా కంప్యూటరులోకి దించుకుని దాని నియమాలు నేనే సర్దాను. కీబోర్డులో రెండు మూడు మీటలు కలిసి ఒక అక్షరమయ్యేవి ముందు మారాలి, ఒంటి మీటలు తర్వాత. చివర్లో ఇకారం అర అక్షరాలన్నీ దాటి, నిండు అక్షరం వచ్చాకే ఆగాలి. కొక్కెం వెనక్కి నడవాలి. శనివారం సాయంత్రానికి 'స్థితి', 'విద్యార్థి' రెండూ చక్కగా నిలబడ్డాయి. సార్ ప్రతి పేజీ చూసి, "భేష్" అని నాకు మైసూర్‌పాక్ తెప్పించారు. నేను గాల్లో తేలిపోతూ ఫైలు ఫోనులోకి ఎక్కించుకున్నాను.

ఫోను తన పుస్తకం చదువుతుంటే చెవులారా వినాలని సార్ పట్టుబట్టారు. ఆదివారం నేను పుంగనూరులో బస్సు దిగి, ఆయన్ను తోడు తీసుకుని కుప్పం బస్సెక్కాను. దారంతా ఆయన జీమ్ జీమ్ అంటూనే ఉన్నారు.

హాస్టల్ ముందుగదిలో ఆ అమ్మాయి మా కోసం కూర్చుని ఉంది. ఫైలు పంపాను. ఆమె వేలితో రెండుసార్లు తట్టింది. ఫోను మొదలుపెట్టింది. రెండో మాటకే తడబడింది. ఇకారాలు ముందూ వెనకా పలుకుతూ, ఒత్తులు విడగొడుతూ, నత్తివాడు తొందరపడ్డట్టు చదివింది.

"అక్కా, ఇది కూడా విరిగిండాదే" అంది ఆమె మెల్లగా. సార్ ముఖంలో నవ్వు పోయింది. తెల్లవారితే పరీక్ష. నా కళ్ల ముందు అన్నీ సరిగ్గానే కనబడుతున్నాయి, ఆమె చెవికి మాత్రం పాత గోలే.

కనబడటం సరిగ్గానే ఉంది అనుకోగానే అసలు సంగతి తట్టింది. నేను పంపింది పీడీఎఫ్! ప్రెస్సు పనిలో ఏదైనా పీడీఎఫ్ చేసి పంపడమే మా ఆచారం, దారిలో అక్షరం జరగదని. అది కాగితం లాంటిది, కంటికి బాగుంటుంది. ఫోను దాన్నుంచి అక్షరాలు పెరకబోతే మళ్లీ బొమ్మ వరసలోనే ఊడి వచ్చాయి. నా నెత్తిన నేనే కొట్టుకుని, ఫోనులోనే ఉన్న అసలు వర్డ్ ఫైలు పంపాను.

ఈసారి ఫోను పరుగు పెట్టింది. ఎంత వేగమంటే మాటకూ మాటకూ మధ్య సందే లేదు.

"ఏమ్మా, నా పుస్తకమేనా ఇది? నాకే అర్థం కాలేదే!"

"నాకు ఇట్లే అలవాటు సార్" అని ఆ అమ్మాయి పకపకా నవ్వి, ఆయన కోసం వేగం తగ్గించింది. అప్పుడు ముందుమాటలోని ఆయన వాక్యం గదిలో స్పష్టంగా వినబడింది. ఫోను ఆ వాక్యం ముగించాక ఆయనే నాకు తెలుగులో చెప్పారు: ఈ పుస్తకాన్ని ఎవరి సాయమూ లేకుండా చదువుకోవచ్చు. నాకు ఆనందంతో ఏడుపు వచ్చింది. ఎన్నో ఏళ్ల కింద నేనే కొట్టిన వాక్యం అది, అర్థం ఆ రోజే తెలిసింది.

రూమ్మేటు తలుపు దగ్గరకు వచ్చి, "చదివి పెట్టేదా?" అని అడిగింది.

"వద్దులే, పోయి నీది సదువుకో" అంది ఆ అమ్మాయి. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంటూ మా వైపు తిరిగి, "సార్, అక్కా, మీరూ బయల్దేరండి. నాకు సదువుకునేది శానా ఉండాది" అంది.