రెండో ఆధార వాక్యం

అరకు కాలేజీలో నీతిశాస్త్రం చెప్పేవాణ్ణి. కొండమీది ఊరి నుంచి వచ్చే ఒక విద్యార్థిని తన వ్యాసంలో ఇలా వాదించింది: "మన మధ్య ఉన్న మనిషిని ఒంటరిగా తిననివ్వడం తప్పు. మా సార్‌ని మేం రోజూ ఒంటరిగా తిననిస్తున్నాం. కాబట్టి మేం తప్పు చేస్తున్నాం."

ఆ సార్‌ని నేనే. నాకు ఒళ్లు మండింది. జాలి పుట్టించి ఒప్పించే తర్కదోషమని రాసి, మళ్లీ కొట్టేశాను. ఆమె జాలి అడగలేదు. మొదటి రెండు ఆధార వాక్యాల నుంచి ముగింపు సరిగ్గానే వచ్చింది. ఆ రెండూ నిజమైతే వాదన నిలిచినట్టే. మొదటిదాన్ని కాదనడానికి మనసొప్పలేదు. రెండోదాని పక్కన "రుజువేది?" అని రాసిచ్చాను.

ఆ అమ్మాయి కాగితం చూసి మెల్లగా అంది: "రుజువేటి సార్? స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి రోజూ అగుపిస్తన్నారు కదా."

మర్నాటి నుంచి కిటికీ మూసుకుని తిన్నాను.