ఎనభైయే సన్నం

నూలు గిట్టుబాటు కావడం లేదని మా మొదలాళి, అంటే యజమాని, తమిళనాడు రాజపాళయంలోని స్పిన్నింగు మిల్లు మూసేసి, రోడ్డువైపు ఆఫీసు గదుల్లో కాఫీ షాపు పెట్టారు. నూలు పరీక్షించే గదిలో పనిచేసిన మా ముగ్గురు ఆడవాళ్లనూ పిలిచి, బరిస్టా పరీక్ష, అంటే కాఫీ చేసే పరీక్ష, పాసైతే మిషను దగ్గర, తప్పితే కప్పులు కడిగే తొట్టి దగ్గర అన్నారు. పెళ్లికాకముందు నుంచీ ఏ నూలు సన్నం, ఏది ముతక అని తేల్చిన చేతులు నావి. తొట్టి మాట వినగానే ఒళ్లు మండింది.

నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక కుర్ర ట్రైనరు వచ్చాడు. తరాల కిందటే ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లం మేము "వచ్చినాము సార్" అంటే చాలు, ముసిముసిగా నవ్వేవాడు. "పాత తెలుగు, ముద్దుగా ఉంది" అన్నాడొకసారి. అది మెచ్చుకోలో జాలో నాకు అంతుపట్టలేదు.

ఆయన చెప్పిన లెక్క ఇది. పద్దెనిమిది గ్రాముల పొడి వేస్తే ముప్పయ్యారు గ్రాముల కాఫీ, ఇరవై అయిదు నుంచి ముప్పై సెకన్లలో దిగాలి. తొందరగా దిగితే పులుపు, మరీ ఆలస్యమైతే చేదు. పొడి సన్నమైనకొద్దీ నీళ్లు నిదానిస్తాయి. వేసే పొడి బరువు పేరు డోసు, నీళ్ల ఒత్తిడిని బారుల్లో కొలుస్తారు, అది తొమ్మిది. ఇంట్లో ఇదంతా వల్లె వేస్తుంటే అత్త నోరు తెరిచి చూసింది. మా ఊళ్లో డోసంటే తిట్లు, బారంటే మందు కొట్టు.

"తొమ్మిది బార్లు తిరిగి, డోసు తిని, కడాన ఇంత గుక్కెడు కాఫీయా వచ్చేది?" అంది.

ఆయన అన్నీ నేర్పాడు గానీ గింజలు పొడిచేసే గ్రైండరు డయలు మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఖరీదైనదట, చెడగొడతామట. పరీక్షలో సరిగ్గా దాని మీదే ప్రశ్న వచ్చింది. డోసు సరిగ్గానే ఉంది, కాఫీ పదిహేడు సెకన్లలో దిగిపోయి పుల్లగా ఉంది, గ్రైండరు ఆరు మీద ఉంది, ఎంతకు తిప్పుతారు, ఎందుకు? పొడి ఇంకా సన్నం కావాలి కాబట్టి అని రాసి, తొమ్మిది మీద టిక్కు పెట్టాను. ఇంత సులువా అని నవ్వుకున్నాను కూడా.

మర్నాడు ట్రైనరు మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. "ముగ్గురూ ఒకటే రాశారు. కారణం కరెక్టు, నంబరు తప్పు. నంబరు పెరిగితే పొడి ముతకవుతుంది. ముగ్గురికీ ఒకే తప్పు ఎలా వస్తుంది మేడమ్? కాపీ కొట్టారు. ముగ్గురూ ఫెయిల్."

నాకు కోపం నసాళానికి అంటింది. తొట్టి సరే, దొంగ అన్న పేరు కూడానా!

"కాపీ కొట్టలేదు సార్. నాతో రండి" అని ఆయన్ను ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గరికి తీసుకెళ్లాను. "అన్నా, నలభైయ్యా, ఎనభైయ్యా, ఏది సన్నం?" అని అడిగాను.

టీ ఎత్తి తిరగబోస్తున్న మనిషి తల తిప్పలేదు. "ఎనభై దా. ఇది కూడా ఒక కేళ్వియామ్మా?" అన్నాడు. కేళ్వి అంటే ప్రశ్న.

అక్కడ టీ తాగుతున్న ఆటో డ్రైవరు కూడా ఎనభై అనే అన్నాడు. నలభై ఏమిటి, ఎనభై ఏమిటి అని ఎవరూ అడగలేదు. మా ఊళ్లో నంబరంటే నూలు కౌంటే. కౌంటు పెరిగితే నూలు సన్నమవుతుంది. ఇక్కడ పుట్టినవాళ్లకు అది ఒకరు నేర్పాల్సిన సంగతి కాదు.

ట్రైనరు కూడా ఒక టీ తీసుకున్నాడు. "కాపీ కాదు, ఒప్పుకుంటున్నాను. కానీ తప్పు తప్పే మేడమ్. మిషను దగ్గర ఒక్కొక్కరికీ విడిగా మళ్లీ పరీక్ష పెడతాను" అన్నాడు.

నా వంతు వచ్చేసరికి కావాలనే పొడి ముతకగా పెట్టి ఉంచాడు. కాఫీ పల్చగా, పాలిపోయి, కుళాయి విప్పినట్టు దిగింది. రుచి చూస్తే పులుపు. చేయి దానంతటదే డయలును పెద్ద నంబరు వైపు తిప్పబోయింది. బలవంతంగా ఆపి చిన్న నంబరుకు తిప్పాను. లోపల మిగిలిన పాత పొడి పారబోసి, మళ్లీ పద్దెనిమిది గ్రాములు తూచి, సమంగా అదిమి, మీట నొక్కాను. చిక్కగా, సన్నటి ధారగా దిగింది. ముప్పయ్యారు గ్రాములు, ఇరవై ఎనిమిది సెకన్లు.

"పాస్ మేడమ్!" అన్నాడు ట్రైనరు.

మిల్లు గేటుకు తాళం వేసిన రోజు నేను ఏడవలేదు. పోతే పోయింది, నేర్చిన పని చేతిలో ఉంది కదా అనుకున్నాను. ఇప్పుడు ఆ నేర్చిన దానికి ఎదురు తిప్పితేనే కాఫీ సరిగ్గా వచ్చింది. మిల్లు నిజంగా పోయిందని అప్పుడు తెలిసింది. కళ్లనీళ్లు ఆగలేదు.

"అంత సంతోషమా!" అని ట్రైనరు చేయి కలిపాడు.

"అవును సార్" అన్నాను.