నాయనమ్మ చూసిన వైపు

ఎనభైల చివర్లో హనుమకొండ చౌరస్తాలో ఉన్న వీడియో షాపులో నేను పనిచేసేవాణ్ణి. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తయి ఉద్యోగం దొరకని రోజులు. షాపు యజమానిని అన్నా అని పిలిచేవాణ్ణి. ఆ ఏడాది అన్న కొత్త వీడియో మిక్సర్ కొన్నాడు. అది బొమ్మను నక్షత్రంలా కత్తిరించేది, గుండె ఆకారంలో విప్పేది, గళ్లుగళ్లుగా చెదరగొట్టేది. అన్న ఈ మూడింటినీ పెళ్లి క్యాసెట్లలో వాడేవాడు, చనిపోయినవాళ్ల క్యాసెట్లలోనూ వాడేవాడు. పెద్దాయన ఫోటో గుండెలోంచి ఊడిపడి నక్షత్రంలోకి దూరిపోయేది, వెనకాల ఏడుపు పాట.

మా నాయనమ్మ సంవత్సరీకానికి పాత ఫోటోలన్నీ కలిపి ఒక క్యాసెట్ చేయించాలని పెద్దనాయన షాపుకు వచ్చాడు. ఆయన మా బాపుకు అన్న, ఇంటికి పెద్ద. నర్సంపేట తోవలో మా ఊళ్లో ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్లు తక్కువ.

"పూలు పూలుగ రావాలె రా. బతుకమ్మ పేర్చినట్టు ఉండాలె," అన్నాడు.

"పూలు ఉండయ్ పెద్దనాయనా. ఫోటోలే ఉంటయ్," అన్నాను.

అన్న నా వైపు గుడ్లురిమి చూశాడు. "పిలగాడు చదువుకున్నడు కదా, జర గట్లనే మాట్లాడ్తడు. మీరు ఫికర్ చెయ్యకుండ్రి. పూలు నేను పెడ్త."

పెద్దనాయన వెళ్లాక అన్నతో గొడవపడ్డాను. ఈ పని మొత్తం నాకే వదిలెయ్, మిక్సర్ మీద చెయ్యి పెట్టను, బాగా రాకపోతే మళ్లీ నీ పద్ధతిలో చేసుకో అన్నాను. మా నాయనమ్మే కాబట్టి అన్న ఒప్పుకున్నాడు. "మూడు నిమిషాలకు జనం లేశిపోతరు, సూడు," అని మాత్రం పందెం కాశాడు.

క్యాసెట్ చౌకగా కనిపించడానికి కారణాలేమిటో అప్పటికే నాకు తెలుసు. ప్రతి ఫోటోకీ జూమ్ చేయడం మొదటిది. ఆ జూమ్ కెమెరా మీటతో చేయడం రెండోది: మీట నొక్కగానే బొమ్మ దూకుతుంది, వదలగానే టక్కున ఆగుతుంది. మూడోది ఫోటో అద్దం మీద బల్బు మెరవడం. నాలుగోదే అన్నిటికన్నా పెద్దది, కారణం లేని కదలిక. కెమెరా ఎటు వెళ్తున్నా, అటు ఏముందో చూడాలని మనసుకు ముందే అనిపించాలి. లేకపోతే కదలకుండా కూర్చోవడమే మర్యాద.

కాబట్టి ఫోటోలన్నిటినీ ఫ్రేముల్లోంచి తీశాను. గోడకు ఒక పలక బిగించి, రెండు వైపులా రెండు బల్బులు ఏటవాలుగా పెట్టి, ఒక్కోదాన్నీ చూశాను. సగానికి సగం ఫోటోలు కదలకుండానే ఉండాలని తేల్చుకున్నాను.

అసలు ఫోటో ఇంకొకటి ఉంది. మా ఊళ్లో పెద్దనాయన ఇంటి గోడకు వేలాడే కుటుంబం ఫోటో. దాన్ని ఫ్రేముతో సహా దించి షాపుకు తెచ్చాను. తాత, నాయనమ్మ కుర్చీల్లో కూర్చుని ఉంటారు, పెద్దనాయన వెనకాల, మా బాపు నిక్కరులో ముందు. తాత సూటిగా కెమెరాలోకి చూస్తాడు. నాయనమ్మ మాత్రం చూపు పక్కకు తిప్పి, ఫ్రేము అంచు వైపు చూస్తుంటుంది. ఇంట్లో అదొక పాత హాస్యం. "మా అవ్వకు ఫోటో దిగుడు రాదు, కోళ్లను సూస్తాంది," అనేవాడు పెద్దనాయన, చూసినవాళ్లందరికీ.

వెనక మేకులు పీకి, అద్దం పక్కన పెట్టి, ఫోటో చుట్టూ ఉన్న అట్ట మౌంటును మెల్లగా లేపాను. మౌంటు కుడివైపు మిగతా మూడు వైపులకన్నా చాలా వెడల్పుగా ఉంది. దాని కింద ఫోటో అయిపోలేదు. ఇంకా ఉంది.

అక్కడ మా అత్త, బాపుకు అక్క, నిలబడి ఉంది. పదిహేడో పద్దెనిమిదో ఏళ్లు. రెండు జడలు, చేతులు ముందుకు కట్టుకుని, నాయనమ్మ వైపే చూస్తోంది. మౌంటు అంచు ఆనిన చోట ఒక గోధుమరంగు గీత పడింది. ఆ గీతకు ఇటువైపు ఉన్న ముఖాలన్నీ ఏళ్ల తరబడి వెలుతురు తగిలి పసుపుబారి, పలచబడ్డాయి. అట్ట కిందే ఉండిపోయిన అత్త మాత్రం నిన్న కడిగిన ప్రింటులా ఉంది. ఫోటో మొత్తంలో స్పష్టంగా కనిపించే మనిషి ఆమె ఒక్కతే.

అత్త పెళ్లయిన ఏడాదికే అత్తగారింటినుంచి తిరిగి వచ్చేసింది. మళ్లీ పొమ్మంటే పోలేదు. వరంగల్ వచ్చి నర్సు పని నేర్చుకుని దవాఖానలో చేరింది. నాయనమ్మ చివరి రెండేళ్లూ మంచాన పడితే ఎత్తి దించింది అత్తే. అయినా ఊళ్లో శుభకార్యాలకు ఆమెకు పిలుపు రాదు, తనంతట తాను వచ్చినా తలుపు పక్కనే చోటు.

ఫోటో తీసుకుని ఆమె గదికి వెళ్లాను. డ్యూటీకి బయల్దేరుతూ జడ వేసుకుంటోంది. ఫోటో చూసి దువ్వెన ఆపింది.

"నేను తిరిగొచ్చినంక మీ తాత ఫోటోలకెళ్లి నన్ను కత్తెరతోని కోసేద్దామనుకున్నడు. అవ్వ అడ్డం పడ్డది. కోస్తే నన్నుగూడ కొయ్యి అన్నదట. గందుకే అట్ట కింద దాపిచ్చిండు."

"ఇది క్యాసెట్ల చూపిస్త అత్తా."

"నీ పెద్దనాయన ఊకుంటడా?"

"ఊకోడు."

ఆమె జడ చివర రిబ్బను గట్టిగా బిగించింది. "చూపిస్తే సక్కగ చూపియ్ రా. సందులకెళ్లి తొంగి చూసినట్టు చూపిస్తే మాత్రం వద్దు. గదానికన్న అట్ట కిందనే మంచిగున్న."

ఆ మాటతో నాకు పని మొత్తం అర్థమైంది. నాయనమ్మ ముఖం దగ్గర మొదలుపెట్టాలి. ఆమె ఎటు చూస్తోందో జనం ఆలోచించేంతసేపు ఆగాలి. ఆ తర్వాత ఆమె చూపు వెంటే వెళ్లాలి. గీత దగ్గర ఆగకూడదు, తొందరపడకూడదు.

స్టాండు మీద కెమెరాను తిప్పితే ఫోటో ఒక పక్క పెద్దదై, ఇంకో పక్క చిన్నదై వంకరపోతుంది. అంచుకు చేరేసరికి మసకబారుతుంది కూడా. కెమెరాను కదలకుండా ఉంచి ఫోటోనే కదపాలి. వెల్డింగ్ షాపులో దోస్తు దగ్గర బెంచి వైస్ ఒకటి అడిగి తెచ్చాను. ఇనుప ముక్కలను బిగించి పట్టుకునే పనిముట్టు అది. దాని పిడి ఒక చుట్టు తిప్పితే దవడ కొంచెమే జరుగుతుంది. కదిలే దవడకు పలక నిలువుగా బిగించి, దానిమీద ఫోటో అంటించాను. పిడి తిప్పేటప్పుడు చెయ్యి కుదుపు రాకుండా దానికి పాత సైకిల్ చక్రం కట్టాను. ఫోటో ఎడమకు జరిగితే చూపు కుడికి వెళ్తుంది. ఆటో ఫోకస్ తీసేశాను. దగ్గరి బొమ్మకు ఫోకస్ ముందే సరిచూసుకుని, ఇక దాన్ని ముట్టుకోలేదు. మొదలుపెట్టేటప్పుడు చక్రాన్ని తిప్పీ తిప్పనట్టు తిప్పాలి, చివర్లో మళ్లీ అలాగే మందగించాలి. చెయ్యి దారికి రావడానికి రెండు రోజులు పట్టింది. అన్న వచ్చి చూసి, "ఏందిరా, క్యాసెట్ తీస్తాన్నవా, చెరుకు రసం తీస్తాన్నవా?" అన్నాడు.

మూడో రోజు చక్కగా వచ్చింది. కెమెరాకు కన్ను ఆనించి చూస్తే అత్త నిండుగా ఉంది. టేపు టీవీలో వేశాను. నాయనమ్మ నుంచి చూపు బయల్దేరింది, గీత దాటింది, ఆగింది. తెర అంచున అత్త ఒక భుజం, ఒక జడ లేవు.

టీవీ తెర కెమెరా చూపినదంతా చూపించదు. చుట్టూ కొంత మింగేస్తుంది. చదువుకున్నదే, మర్చిపోయాను. అత్త ఫోటో అంచుకు ఆనుకుని నిలబడింది, ఆమె పక్కన జాగా లేదు. తాత అట్ట కింద పెట్టాడు, టీవీ సెట్టు కోసేసింది.

ఆమె పక్కన ఖాళీ కావాలి, అది ఆ ఫోటో వెనకాల ఉన్న సున్నం గోడ రంగులోనే ఉండాలి. నల్ల కాగితం పెడితే గుంతలా కనిపించింది, తెల్ల కాగితం పెడితే కళ్లలో పొడిచింది. బల్ల మీద పాత మౌంటు పడి ఉంది. ఏళ్ల పొగకు, ఎండకు అచ్చం ఆ గోడ రంగుకే వచ్చింది. బ్లేడు తీసుకుని మౌంటు వెడల్పు వైపును నిలువునా కోశాను. ఏ ముక్క ఆమెను కప్పిందో ఆ ముక్కనే ఫోటో అంచుకు ఆనించి, ఆమె పక్కన గోడగా అంటించాను. మళ్లీ తీసి టీవీలో వేశాను. ఈసారి అత్త తెర మధ్యలో, రెండు జడలతో, చుట్టూ జాగాతో నిలబడింది. ఆ ఒక్కచోట పాట కూడా తీసేశాను.

సంవత్సరీకానికి ముందురోజు పెద్దనాయన షాపులో క్యాసెట్ చూశాడు. గీత దాటుతుండగానే లేచి నిలబడ్డాడు.

"ఆపు. నాయిన దగ్గర ఆపెయ్."

"తాత దగ్గర మొదలే కాలేదు. నాయనమ్మ దగ్గర మొదలైంది."

"నాకు చెప్తాన్నవా? ఈ కార్యం ఎవరిది?"

"నాయనమ్మది. ఆమె ఎటు సూస్తాందో అటే పోయిన. కోళ్లు లేవు పెద్దనాయనా అక్కడ."

ఆయన ముఖం నల్లబడింది. "అది తియ్యి. లేకపోతే క్యాసెట్టే వద్దు."

"అది తీస్తే నేనే ఇయ్య. పూలు పెట్టి అన్న చేసిస్తడు, గది తీస్కపోండ్రి."

అన్న వైపు తిరిగాడాయన. అన్న గల్లా పెట్టె మీద దుమ్ము తుడుస్తున్నవాడల్లా ఆగాడు. "నాతోని కాదు సారూ. గిది చూసినంక పూలు పెడితే మా ఇంట్ల ఆడోళ్లు అన్నం పెట్టరు," అన్నాడు. ఆ మిక్సర్ కొన్నప్పటినుంచీ అన్న నోటివెంట వచ్చిన మొదటి మంచిమాట అది. పెద్దనాయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. క్యాసెట్ వద్దన్న మాట మాత్రం మళ్లీ అనలేదు.

మరునాడు సాయంత్రం మా ఊళ్లో టీవీని వాకిట్లో బల్ల మీద పెట్టాం. ఎప్పుడూ తలుపు పక్కన నిలబడే అత్త ఆ రోజు డ్యూటీ చీరలోనే వచ్చి, ముందు వరుసలో చాప మీద కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లేవమనలేదు.

నాయనమ్మ ముఖం వచ్చింది. ఆగింది. "కోళ్లను సూస్తాంది," అని వెనకనుంచి ఎవరో నవ్వారు. చూపు కదిలింది. తాత ముఖం, గోడ, గీత. నవ్వినవాళ్లు ఆగిపోయారు. రెండు జడల పిల్ల వచ్చి తెర మధ్యలో నిలబడింది, అప్పటిదాకా వచ్చిన ముఖాలకన్నా కొత్తగా.

"గీ పిల్ల ఎవలు?" అంది ఒక ముసలమ్మ.

"నేనే," అంది అత్త, వెనక్కి తిరగకుండా.

క్యాసెట్ అయిపోయేదాకా ఎవరూ లేవలేదు. మూడు నిమిషాలెప్పుడో దాటిపోయాయి.

జనం కదిలాక పెద్దనాయన నా దగ్గరికి వచ్చాడు. చేతిలో నేను వెనక్కి తెచ్చిన ఖాళీ ఫ్రేము, అద్దం. గోడమీద దాని చోటు తెల్లగా మిగిలిపోయింది.

"ఫోటో తెచ్చినవు. అట్టేది?"

"కోసిన."

"మల్ల ఎట్ల పెడ్తం రా ఫ్రేముల?"

"అట్ట లేకుంటనే పడ్తది. కొలిచిన. అంచు నుంచి అంచు దాకా పడ్తది."

ఆయన కాసేపు అత్త వైపు చూశాడు. ఆమె అప్పటికే చాపలు మడుస్తోంది. ఆయన అద్దాన్ని తువ్వాలుతో తుడిచి నా చేతికిచ్చి, మేకుల కోసం లోపలికి వెళ్లాడు.