వడ్డీ పట్టించింది

మా లోన్ల ఆఫీసులో అక్కయ్యను అందరూ భూతద్దం అంటారు. ఆవిడ చేతిలో పడ్డ ఫైలు ఓ పట్టాన కదలదు. ఆ రోజు లోను కోసం వచ్చి ఎదురుగా కూర్చున్న ఓ ఉద్యోగి ఇచ్చిన బ్యాంకు స్టేట్‌మెంటు పీడీఎఫ్‌లో అక్షరాలు, కూడికలు అన్నీ సరిపోయాయి.

"ఇక సంతకం పెట్టేయక్కా," అన్నాను విసుగ్గా.

"ఉండవయ్యా. సేవింగ్స్ ఖాతాలో ఏడాదంతా లక్షలు మూలుగుతుంటే, బ్యాంకు వేసిన వడ్డీ టీ ఖర్చుకైనా చాలదేం?"

వడ్డీ అంకె మళ్లీ చూశాను. నిల్వలన్నీ పెంచి రాసినవాడు వడ్డీని ముట్టుకోవడం మరిచాడు.

అక్కయ్య అతని వైపు తిరిగింది. "బాబూ, మీ బ్యాంకు యాప్ తెరిచి, స్టేట్‌మెంటు నా ముందే డౌన్‌లోడ్ చేయండి."

ఫోను ఇంట్లో మరిచానంటూ అతను లేచాడు. గుమ్మం దాటేలోపే అది అతని జేబులో మోగింది. ఆఫీసంతా గొల్లుమంది.

అక్కయ్య తలెత్తకుండానే, "తర్వాత ఎవరు?" అంది.