చెయ్యి కడిగిన నీళ్లు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మనుషులతోనే సరిపోయింది, ఇక వాటి జోలికి పోయే ఓపిక ఎక్కడిది? అయినా పంతొమ్మిది వందల యాభైల్లో, మద్రాసులో, చింతాద్రిపేటలోని మా అన్న ఇంట్లో పట్టపగలు జరిగింది చెప్పాలి.

మా ఆయనకు పురసవాక్కంలో బట్టల కొట్టు. సాయంత్రం మల్లెపూలు తెచ్చి, వాకిట్లో అందరూ చూస్తుండగా నా చేతికిచ్చేవాడు. "మా రుక్కు తినకుంటే నాకు ముద్ద దిగదు" అనేవాడు. పక్క వాటాల ఆడవాళ్లు "పెట్టి పుట్టినావమ్మా" అనేవాళ్లు.

తలుపు వేశాక మాటే ఉండేది కాదు. తను తిన్నాక, నాకోసం మిగిలిన అన్నం గిన్నెలోనే చెయ్యి కడిగేవాడు. అరుపు లేదు, దెబ్బ లేదు. "ఇప్పుడు తిను" అని లేచిపోయేవాడు.

అప్పుడే ఎవరైనా తలుపు తడితే ముఖం చిటికెలో మారేది. "రాండి రాండి, కాఫీ తాగి పోదురు" అని నవ్వేవాడు. మొదట్లో కోపిష్టి మనిషి అనుకుని సరిపెట్టుకున్నాను. నిజం కోపం తలుపు చప్పుడుకు ఆగదు కదా. తెలిసే చేస్తున్నాడని అర్థమవడానికి ఏళ్లు పట్టింది. నేను చెప్పినా ఎవరూ నమ్మకూడదు, ఆ పూలు అందుకే.

ఒకరోజు ఓపిక చచ్చి అన్న దగ్గరికి వచ్చేశాను. ఏడుస్తూ అంతా చెప్పాను.

"బావ అట్ట చేస్తాడా? నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు అన్న. మర్నాడే ఆయన్ను భోజనానికి పిలిచాడు, తిన్నాక నన్ను వెంట పంపేద్దామని.

మా ఆయన పండ్లు పట్టుకుని వచ్చాడు. "రుక్కు నా పక్కన కూర్చుంటేనే తింటా అక్కా" అన్నాడు మా వదినతో. ఆమెకు కళ్లు చెమర్చాయి.

వదిన ఆకులు వేసి అన్నం పెట్టింది. ఎవరూ ఇంకా చెయ్యి పెట్టలేదు. నా ఒక్క ఆకులో అన్నం నీళ్లలో తేలుతోంది. ఎంగిలి చెయ్యి కడిగినట్టు, చారు రంగు నీళ్లు. చారు ఇంకా పొయ్యి మీదే ఉంది.

ఆకు సరిగ్గా తుడవలేదేమోనని వదిన మార్చింది. మళ్లీ అవే నీళ్లు. అన్న పైకి చూశాడు. ఎండాకాలం, మిద్దె ఎండి ఉంది. మూడో ఆకు తనే వేసి, తనే వడ్డించాడు. అందరం చూస్తుండగానే నీళ్లు ఊరాయి.

మా ఆయన ముఖం పాలిపోయింది. "నేను ఈడ కడగలేదు బావా" అన్నాడు.

అన్న ఆయన వైపు తిరిగాడు. "ఆడ కడిగినావా?" అన్నాడు.

మా ఆయన ఆకు ముందు నుంచి లేచాడు. ఆ పూట ఎవరమూ తినలేదు. ఆయన ఒక్కడే వెళ్లిపోయాడు, నేను మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆ నీళ్లు ఎక్కడివో నాకు ఈనాటికీ తెలియదు. ఎంత ఆలోచించినా అంతుపట్టదు, ఇప్పుడిక ఆలోచించడమూ మానేశాను. తోడబుట్టిన నా మాట నమ్మని అన్న ఆ నీళ్లను నమ్మాడు. అవి రాకుంటే ఆ సాయంత్రమే నన్ను బండెక్కించి పంపేవాడు.